బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టగానే కరెంట్ ట్రిప్ అవుతోందా? ఆ స్విచ్ మళ్లీ పైకి లేపే ముందు ఇది చదవండి

చలికాలం మొదలైతే చాలు.. అటక మీదున్న వాటర్ హీటర్ రాడ్ కిందకు దిగుతుంది. బకెట్‌లో నీళ్లు పట్టి, రాడ్ తగిలించి, స్విచ్ వేస్తాం. కాసేపటికే ‘టక్’ మని శబ్దం.. ఇంట్లో కరెంట్ పోతుంది. బోర్డు దగ్గరకు వెళ్లి స్విచ్ పైకి లేపితే మళ్లీ పడిపోతుంది.

ఇక్కడే చాలా ఇళ్లలో ఓ చిట్కా వాడేస్తారు. త్రీ పిన్ ప్లగ్ తీసేసి టూ పిన్ ప్లగ్ వేస్తారు. లేదంటే వైర్‌లో ఉన్న పచ్చ రంగు తీగను కత్తిరించి పక్కన పెడతారు. ఆ తర్వాత ట్రిప్ అవదు. నీళ్లు కూడా చక్కగా వేడెక్కుతాయి. సమస్య తీరిపోయిందనుకుంటారు. కానీ అక్కడ ఆగింది ట్రిప్పింగ్ మాత్రమే.. రాడ్ నుంచి నీళ్లలోకి వస్తున్న కరెంట్ ఆగలేదు. అది అలాగే బకెట్‌లో ఉంది.. మీ చెయ్యి పడే వరకు.

అసలు రాడ్ ఎందుకు ట్రిప్ చేస్తుంది? లోపల ఏం పాడవుతుంది? దాని మీద పేరుకునే తెల్లటి పొరకు, దీనికి సంబంధం ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు.. పడిపోయింది ఏ స్విచ్?

ఇంటి కరెంట్ బోర్డులో సాధారణంగా రెండు రకాల ట్రిప్ స్విచ్‌లు ఉంటాయి. చూడ్డానికి ఒకేలా అనిపించినా అవి చేసే పనులు వేరు.

ఒకటి ఎంసీబీ. తీగలో మోయగలిగినదాని కంటే ఎక్కువ కరెంట్ వెళ్లినా, షార్ట్ సర్క్యూట్ అయినా ఇది పడిపోతుంది. ఇది కాపాడేది ఇంటి వైరింగ్‌ను.

రెండోది ఆర్‌సీసీబీ. మన ఎలక్ట్రీషియన్లు చాలామంది దీన్ని ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. దీని మీద ‘టి’ అక్షరంతో చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. అదే గుర్తు. ఇది కాపాడేది మనిషిని.

ఆర్‌సీసీబీ చేసే పని చాలా సింపుల్. ఫేజ్ తీగలో ఎంత కరెంట్ లోపలికి వెళ్లిందో, న్యూట్రల్ తీగలో అంతే తిరిగి వస్తోందా అని చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంట్ ఇంకెక్కడి నుంచో నేలలోకి పోతున్నట్టే లెక్క. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ మీద సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటుంది. తేడా అంతకు చేరేలోపే అది పడిపోవాలి. నిజానికి 15 నుంచి 30 మధ్యలో ఎక్కడైనా పడిపోవచ్చు.

ఈ అంకె ఎందుకు ముఖ్యం? ఒంట్లోంచి సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటి కరెంట్ పోతే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలడం కష్టమవుతుంది. అంతకంటే పెరిగితే ఊపిరికి, గుండెకు ముప్పు. ఇప్పుడు ఎంసీబీ సంగతి చూడండి. గీజర్, హీటర్ లైన్‌కు పెట్టేది 16 ఆంపియర్ల ఎంసీబీ అనుకుంటే, అది 30 మిల్లీ ఆంపియర్లకు 500 రెట్ల కంటే ఎక్కువ. అంటే మనిషికి షాక్ కొడుతున్నా ఎంసీబీకి తెలియనే తెలియదు. ‘మా ఇంట్లో ఎంసీబీ ఉంది, ఏం కాదు’ అనే మాటకు అర్థం లేదు.

కాబట్టి రాడ్ పెట్టినప్పుడు పడిపోయింది ‘టి’ బటన్ ఉన్న స్విచ్ అయితే అర్థం ఒక్కటే.. కరెంట్ లీక్ అవుతోంది. పడిపోయింది ఎంసీబీ అయితే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, రాడ్‌లోనో ప్లగ్‌లోనో షార్ట్. రెండోది, లైన్ మీద భారం ఎక్కువవడం. 1500 వాట్ల రాడ్ 230 వోల్టుల దగ్గర సుమారు 6.5 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాన్, ఫోన్ ఛార్జర్ పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే. దానికి అడాప్టర్ తగిలించి ఈ రాడ్ పెడితే సాకెట్ వేడెక్కి కరిగిపోవచ్చు. ఆ రాడ్‌కు 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ ఉండాల్సిందే.

రాడ్ లోపల ఏముంటుంది?

బయట మెరిసే ఆ చుట్ట నిజానికి ఒక సన్నని గొట్టం. ఎక్కువ రాడ్‌లలో అది రాగి గొట్టం, దాని మీద నికెల్ పూత ఉంటుంది. గొట్టం మధ్యలో స్ప్రింగ్‌లా చుట్టిన నైక్రోమ్ తీగ ఉంటుంది. కరెంట్ పోయేది, వేడెక్కేది ఆ తీగే.

మరి తీగ గొట్టానికి తగిలితే? తగలకుండా రెండింటి మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లటి పొడిని గట్టిగా దట్టిస్తారు. ఈ పొడికి ఒక గొప్ప గుణం ఉంది. వేడిని బయటకు పోనిస్తుంది.. కరెంట్‌ను మాత్రం ఆపేస్తుంది. రాడ్‌లోని అసలైన ఇన్సులేషన్ ఇదే.

దీనికి ఒక బలహీనత కూడా ఉంది. తేమ తగిలితే పీల్చేసుకుంటుంది. తడిసిన పొడి కరెంట్‌ను ఆపలేదు. అందుకే గొట్టం రెండు చివర్లనూ పైన నల్లటి బేకలైట్ మూత లోపల సీల్ చేస్తారు. ఆ సీల్ బాగున్నంత కాలం, గొట్టానికి పగులు రానంత కాలం పొడి పొడిగా ఉంటుంది. ఏ ఒక్కటి పాడైనా తేమ లోపలికి దారి వెతుక్కుంటుంది.

ఇక మూడు పిన్నుల ప్లగ్‌లో పైనున్న లావుపాటి పిన్ ఎర్త్. దాని తీగ నేరుగా బయటి గొట్టానికి కలిపి ఉంటుంది. పొడి తడిసి, తీగలోని కరెంట్ గొట్టం మీదకు వచ్చిందనుకోండి.. అది ఎర్త్ తీగ గుండా నేలలోకి పోతుంది. ఆర్‌సీసీబీకి తేడా కనిపిస్తుంది. టక్.. కరెంట్ కట్. ట్రిప్ అవడం వెనకున్న కథ ఇదే.

తెల్లటి పొర చేసే అసలు నష్టం

హైదరాబాద్ శివార్లలో అయినా, పల్లెల్లో అయినా బోరు నీళ్లు వాడే ఇళ్లలో రాడ్ మీద కొన్ని వారాలకే తెల్లటి గరుకు పొర కనిపిస్తుంది. ‘ఉప్పు పట్టింది’ అంటారు. నిజానికి అది వంట ఉప్పు కాదు. ఆ నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం లవణాలు వేడి తగలగానే సున్నపురాయి లాంటి గట్టి పదార్థంగా మారి, అన్నింటికంటే వేడిగా ఉండే చోట.. అంటే రాడ్ మీద అతుక్కుంటాయి.

పొర పడితే నీళ్లు ఆలస్యంగా వేడెక్కుతాయి, కరెంట్ బిల్లు బాగా పెరుగుతుంది అని చాలామంది అనుకుంటారు. రాడ్ విషయంలో ఇది పెద్దగా నిజం కాదు. రాడ్ నీళ్లలోనే మునిగి ఉంది, 1500 వాట్లూ చివరికి నీళ్లలోకే పోవాలి. 15 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి లెక్క ప్రకారం 17, 18 నిమిషాలు పడుతుంది. పొర ఉన్నా ఆ సమయం కొద్దిగానే మారుతుంది. అందుకే ‘నీళ్లు బాగానే కాగుతున్నాయిగా’ అని పొరను పట్టించుకోరు.

దెబ్బ తగిలేది రాడ్‌కు. వేడి పొరను దాటుకుని నీళ్లలోకి పోవాలంటే గొట్టం మరింత వేడెక్కాలి. ఒక అంచనా వేద్దాం. గొట్టం 8 మిల్లీమీటర్ల లావు, వేడెక్కే భాగం 60 సెంటీమీటర్ల పొడవు అనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటర్ నుంచి సుమారు 10 వాట్ల వేడి బయటకు రావాలి. అలాంటి రాడ్ మీద 1 మిల్లీమీటర్ పొర పడితే గొట్టం వేడి దాదాపు 100 డిగ్రీలు అదనంగా పెరుగుతుంది. నీళ్లు 45 డిగ్రీలే చూపిస్తున్నా పొర కింద గొట్టం 150 డిగ్రీలకు చేరుకోవచ్చన్నమాట. లోపలి తీగ దానికంటే ఇంకా వేడిగా ఉంటుంది.

ఇక రోజూ జరిగేది ఇది. స్విచ్ వేయగానే గొట్టం సాగుతుంది, తీయగానే ముడుచుకుంటుంది. పొర అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు కాబట్టి ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ సాగుతుంది. ముఖ్యంగా వంపుల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. కొన్నాళ్లకు వెంట్రుకవాసి పగులు వస్తుంది. కంటికి సరిగ్గా కనిపించదు కూడా. నికెల్ పూత లేచిపోయిన చోట రాగి తినేసి సూది మొనంత రంధ్రం పడొచ్చు. అక్కడి నుంచి నీళ్లు పొడిలోకి దిగుతాయి. ఆ తర్వాత లీకేజీ మొదలు.

పగిలేది గొట్టం ఒక్కటే కాదు

ఇన్సులేషన్ పాడయ్యే చోట్లు ఇంకో రెండున్నాయి. మొదటిది పైనున్న బేకలైట్ మూత. రాడ్ కింద పడినప్పుడు అది చిట్లుతుంది. రాడ్ మీద ‘ఇంతవరకే ముంచాలి’ అని పై గీత, ‘ఇంతకంటే తగ్గకూడదు’ అని కింది గీత ఉంటాయి. పై గీత దాటి ముంచితే నీళ్లు మూత లోపలికి చేరి, కరెంట్ తీగలు బిగించిన చోటే తడుస్తుంది. దీనికి రాడ్ పాతది కానక్కర్లేదు, కొత్త రాడ్ కూడా ట్రిప్ చేస్తుంది.

కింది గీత సంగతి ఇంకో రకం. రాడ్ ఆన్‌లో ఉండగానే మగ్గుతో నీళ్లు తోడేవాళ్లున్నారు. ఇందులో షాక్ ప్రమాదం ఎలాగూ ఉంది. దానికి తోడు నీటిమట్టం తగ్గి చుట్టలో కొంత భాగం గాల్లో బయటపడుతుంది. గాల్లో ఉన్న భాగం నిమిషంలోపే విపరీతంగా వేడెక్కుతుంది. వెంటనే బకెట్‌లో చల్లటి నీళ్లు పోస్తే ఎర్రగా కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టే. పగుళ్లకు ఇంతకంటే దగ్గరి దారి లేదు.

రెండోది మూతలోకి వైర్ వెళ్లే చోటు. అక్కడ వైర్ రోజూ వంగుతుంది, ఆవిరి తగులుతుంది. రెండు మూడేళ్లకు పైతొడుగు గట్టిపడి చిట్లుతుంది. చాలామంది అక్కడ టేప్ చుట్టి సరిపెడతారు. ఆవిరికి ఆ టేప్ జిగురు వదిలేస్తుంది, లోపల తేమ నిలుస్తుంది. టేప్ చుట్టిన వైర్ బాగైన వైర్ కాదు.. పగులు కనిపించకుండా దాచిన వైర్.

ఎర్త్ తీసేస్తే ట్రిప్ ఎందుకు ఆగుతుంది?

ఇదే అందరినీ మోసం చేసే చోటు. ప్లాస్టిక్ బకెట్‌లోంచి కరెంట్ పోదు. ఎర్త్ తీగ కత్తిరించేశారంటే గొట్టం మీదకు వచ్చిన కరెంట్‌కు నేలలోకి వెళ్లే దారి ఒక్కటి కూడా లేదు. దారి లేదు కాబట్టి లీకేజీ కరెంట్ పారదు. పారదు కాబట్టి ఆర్‌సీసీబీకి తేడా కనిపించదు. అది నిశ్శబ్దంగా ఉంటుంది.

అలాగని కరెంట్ లేదనుకోకండి. బకెట్‌లోని నీళ్లు మొత్తం ఫేజ్‌లో ఉన్నాయి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి నీళ్లు కాగాయా అని చెయ్యి పెట్టారంటే, అప్పటిదాకా లేని దారి ఇప్పుడు దొరికినట్టే. ఆ దారి మీ ఒళ్లు. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే షాక్ తగిలాక, సెకనులో మూడో వంతు లోపు కట్ చేస్తుంది. లేకపోతే కట్ చేసేవాళ్లే ఉండరు.

స్టీల్ బకెట్ అయితే నీళ్లలో చెయ్యి పెట్టక్కర్లేదు కూడా. ఎర్త్ లేని రాడ్ లీక్ అయితే బకెట్ అంచు ముట్టుకున్నా చాలు. అందుకే రాడ్‌కు లోహపు బకెట్ వద్దంటారు. అయితే ప్లాస్టిక్ బకెట్ వాడితే సేఫ్ అనుకోవడం కూడా పొరపాటే. అది బకెట్‌ను సేఫ్ చేస్తుంది, నీళ్లను కాదు.

ఒకసారి క్రమం గుర్తుపెట్టుకోండి. ఎర్త్ ఉంటే లీకేజీ మొదలవగానే, మనిషి ముట్టుకోక ముందే ట్రిప్ అవుతుంది. ఎర్త్ లేకపోతే మనిషి ముట్టుకున్నాకే ట్రిప్ అవుతుంది. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ లేకపోతే అసలు ట్రిప్ అవదు.

ఒక ఉదాహరణతో చూద్దాం

బోరు నీళ్లు వాడే ఇల్లు, 1500 వాట్ల రాడ్, వాడకం మొదలుపెట్టి మూడో చలికాలం అనుకుందాం. మొదటి రోజు స్విచ్ వేసిన 12 నిమిషాలకు ఆర్‌సీసీబీ పడింది. ‘కరెంట్ ఎక్కువ తక్కువ అయిందేమో’ అనుకున్నారు. రెండు రోజుల తర్వాత 5 నిమిషాలకే పడింది. వారం తిరిగేసరికి ప్లగ్ పెట్టి స్విచ్ వేయగానే పడిపోతోంది.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ముందు రాడ్ ప్లగ్ తీసేసి ఆర్‌సీసీబీ పైకి లేపాడు. నిలబడింది. అదే సాకెట్‌లో త్రీ పిన్ ఇస్త్రీ పెట్టె పెట్టి చూశాడు. ట్రిప్ అవలేదు. అంటే సాకెట్, ఇంటి వైరింగ్ బాగానే ఉన్నాయి. తప్పు రాడ్‌దే.

తర్వాత మల్టీమీటర్‌తో, ప్లగ్ బయట ఉండగా, కింది రెండు పిన్నుల మధ్య చూశాడు. 35 ఓమ్‌లు వచ్చింది. 1500 వాట్ల రాడ్‌కు రావాల్సిందే అంత. అంటే లోపలి తీగ తెగలేదు. నీళ్లు వేడెక్కడం ఆగకపోవడానికి కారణం ఇదే. వేడెక్కుతున్నంత మాత్రాన రాడ్ మంచిదని అర్థం కాదు.

ఇప్పుడు ఎర్త్ పిన్‌కు, కింది పిన్నుకు మధ్య చూడాలి. ఇక్కడ మామూలు మల్టీమీటర్ చాలదు. దాని బ్యాటరీ కొద్ది వోల్టులే ఇస్తుంది, చిన్న పగులు దానికి దొరక్కపోవచ్చు. అందుకే మెగ్గర్ అనే మీటర్ వాడతారు. అది 500 వోల్టులు పెట్టి చూస్తుంది. రాడ్ బాగుంటే రీడింగ్ 1 మెగాఓమ్ కంటే బాగా ఎక్కువ ఉండాలి. మన ఉదాహరణలో చల్లగా ఉన్నప్పుడు 60 కిలో ఓమ్‌లు వచ్చిందనుకోండి. 230 వోల్టుల దగ్గర దానిగుండా పోయే లీకేజీ 4 మిల్లీ ఆంపియర్లకు కాస్త తక్కువ. ఆర్‌సీసీబీ పడదు. రాడ్ వేడెక్కాక పగులు తెరుచుకుని, లోపల తేమ వేడెక్కి అదే అడ్డు 10 కిలో ఓమ్‌లకు పడిపోతే లీకేజీ 23 మిల్లీ ఆంపియర్లు. ఇప్పుడు పడిపోతుంది.

మొదటి రోజు 12 నిమిషాలు ఎందుకు పట్టిందో ఇప్పుడు అర్థమైందా? లీకేజీ ఆ రోజు 12వ నిమిషంలో మొదలవ్వలేదు. స్విచ్ వేసినప్పటి నుంచీ ఉంది. 12వ నిమిషానికి గీత దాటింది. పగులు పెద్దదయ్యేకొద్దీ ఆ టైమ్ తగ్గుతూ వచ్చింది. రోజురోజుకూ త్వరగా ట్రిప్ అవుతున్న రాడ్ ఇక బాగుపడేది కాదు. గొట్టానికి పగులు వస్తే రిపేర్ ఉండదు. పారేయాల్సిందే.

ట్రిప్ అయ్యే తీరు చూసి ఏం తెలుసుకోవచ్చు?

స్విచ్ వేయగానే పడిపోతే పగులు పెద్దదై ఉంటుంది, లేదా మూతలోకి నీళ్లు వెళ్లి ఉంటాయి. కాసేపు కాగాక పడిపోతే పగులు ఇంకా చిన్నది, లేదా పొడి తడి పట్టింది.

ఏడాదిపాటు అటక మీద పడి ఉన్న రాడ్ సీజన్‌లో మొదటిసారి పెట్టగానే ట్రిప్ చేస్తే, వానాకాలపు తేమ సీల్ దగ్గర పొడిలోకి చేరి ఉండొచ్చు. ఇలాంటి రాడ్‌ను రెండు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి, మెగ్గర్‌తో చూపించాకే వాడాలి. ఆరాక కూడా ఒక్కసారి ట్రిప్ అయిందంటే దాని పని అయిపోయినట్టే. తేమ పోగొట్టాలని నీళ్లు లేకుండా ఆన్ చేయొద్దు. నిమిషాల్లో కాలిపోతుంది, గొట్టం పగలొచ్చు కూడా.

స్విచ్ ఆఫ్‌లో ఉన్నా, ప్లగ్ పెట్టి ఉంటే చాలు ట్రిప్ అవుతోందా? గోడ మీది స్విచ్ ఒక్క తీగనే కట్ చేస్తుంది. న్యూట్రల్ కలిసే ఉంటుంది. రాడ్‌లో న్యూట్రల్ వైపు పగులు ఉంటే ఇంట్లో ఇంకేదో వాడుతున్నప్పుడు కూడా ఆర్‌సీసీబీ పడొచ్చు. పైగా కొన్ని ఇళ్లలో వైరింగ్ తారుమారై స్విచ్ న్యూట్రల్‌ను కట్ చేస్తుంది. అక్కడ స్విచ్ ఆఫ్ చేసినా రాడ్‌లో ఫేజ్ ఉన్నట్టే. అందుకే స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు.. ప్లగ్ పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి.

రాడ్ ప్లగ్ తీసేసినా ట్రిప్ అవుతుంటే తప్పు రాడ్‌ది కాదు. వైరింగ్‌లోనో, గీజర్, మోటార్ లాంటి ఇంకో సామానులోనో లీకేజీ ఉంది. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే.

ట్రిప్ అయిన ఆ క్షణంలో చేయాల్సినవి

ముందుగా బకెట్ దగ్గరకు వెళ్లొద్దు, నీళ్లలో చెయ్యి పెట్టొద్దు. ట్రిప్ స్విచ్ పైకి లేపొద్దు. చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, గోడ మీది స్విచ్ ఆఫ్ చేయండి. తర్వాత ప్లగ్ పీకండి, వైర్ పట్టుకుని లాగకండి. ప్లగ్ బయటకు వచ్చాకే రాడ్‌ను నీళ్లలోంచి తీయండి. అప్పుడు వెళ్లి స్విచ్ లేపండి. నిలబడిందంటే దోషి ఎవరో తెలిసిపోయింది.

నీళ్లలో టెస్టర్ ముంచి చూడటం పరీక్ష కాదు. టెస్టర్ వెలగలేదంటే కరెంట్ లేదని ఖాయంగా చెప్పలేం. ‘ఇంకొక్కసారి పెట్టి చూద్దాం’ అనే పని కూడా వద్దు. ప్రతిసారీ పగులు ఇంకొంచెం పెరుగుతుంది.

ఇంట్లో ఎవరికైనా షాక్ కొట్టి బకెట్‌కు అంటుకుపోతే వాళ్లను ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆఫ్ చేయండి. ఆ తర్వాతే దగ్గరకు వెళ్లి 108కు ఫోన్ చేయండి.

పొర తీసేది ఎలా?

ట్రిప్ అవని, బాగున్న రాడ్‌కే ఈ పని. బోరు నీళ్లు వాడేవాళ్లు చలికాలంలో నెలకోసారైనా చేయాలి. పొర మందంగా పేరుకుపోయే దాకా ఆగితే లాభం లేదు.

ప్లగ్ తీసి, రాడ్ పూర్తిగా చల్లారనివ్వండి. ఒక లీటర్ గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలపండి. కిరాణా కొట్లో దొరికేదే. అది లేకపోతే సగం వెనిగర్, సగం నీళ్లు. చుట్ట మాత్రమే మునిగేలా పెట్టండి, నల్లటి మూత, వైర్ తడవకూడదు. బుడగలు వస్తాయి, పొర కరుగుతోందని అర్థం. అరగంట నుంచి గంట ఉంచి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, మంచి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఈ ద్రావణంలో రాడ్ ఉండగా కరెంట్ పెట్టే ఆలోచనే వద్దు.

కత్తితో గీకడం, నేలకేసి కొట్టడం చేస్తే నికెల్ పూత లేచిపోతుంది. బాత్రూమ్ క్లీనర్ యాసిడ్ పోస్తే పొరతో పాటు పూతనూ తినేస్తుంది.

ఇంకో విషయం. కొందరు ‘కడిగాకే ట్రిప్ మొదలైంది, కడగకుండా ఉంటే బాగుండేది’ అంటారు. పొర కింద పగులు అంతకుముందే వచ్చి ఉంటుంది. గట్టిపడిన పొర దాన్ని కొంత మూసి ఉంచింది, కడగడంతో బయటపడింది. ఎప్పుడో స్నానాల గదిలో తెలియాల్సింది, ఇప్పుడు బోర్డు దగ్గర తెలిసింది. అంతే తేడా.

కొత్త రాడ్ కొనేముందు.. ఆర్‌సీసీబీ మీద ఒక మాట

ఇమ్మర్షన్ వాటర్ హీటర్లకు మన దేశంలో ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. ఆ మార్క్ దగ్గర ఐఎస్ 368 అనే నంబర్ ఉందో లేదో చూడండి. ప్లగ్‌కు మూడు పిన్నులు ఉండాలి. టూ పిన్‌తో వచ్చే చవక రాడ్‌కు ఎర్త్ లేదంటే, పైన చెప్పిన ప్రమాదమంతా కొన్న రోజు నుంచే ఉన్నట్టు. సాకెట్‌లో ఎర్త్ రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక తీగ ఉందని కాదు. అద్దె ఇళ్లలో, పాత ఇళ్లలో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి.

ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో నెలకోసారి ‘టి’ బటన్ నొక్కండి. వెంటనే పడిపోవాలి. పడకపోతే అది బోర్డులో ఉన్నా లేనట్టే, మార్పించండి.

అయితే ఆర్‌సీసీబీకీ ఒక హద్దుంది. అది నేలలోకి పోయే కరెంట్‌నే పసిగడుతుంది. గొట్టం పూర్తిగా పగిలి ఫేజ్, న్యూట్రల్ రెండూ నీళ్లలో బయటపడితే, ఒకదాని నుంచి రెండోదానికి నీళ్ల ద్వారా, మధ్యలో ఉన్న చేతి ద్వారా పోయే కరెంట్‌లో దానికి తేడా కనిపించకపోవచ్చు. ఆ సందర్భంలో మిమ్మల్ని కాపాడేది ఒక్క అలవాటే.. ప్లగ్ చేతిలోకి వచ్చాకే నీళ్లు ముట్టుకోవడం. పిల్లలున్న ఇంట్లో రాడ్ ఆన్‌లో ఉన్నంతసేపూ బాత్రూమ్ తలుపు బయట నుంచి గడియ వేసి ఉంచండి.